పోలీసులు 14 అన్నారు, ఆసుపత్రులు 25 అన్నాయి: నా వార్త ఎందుకు తిరిగి వచ్చింది?

నాగావళి_ఒడ్డు
నేను ఒడిశాలోని రాయగడలో ఉంటూ ఒక తెలుగు దినపత్రికకు ఇంటర్న్‌గా పనిచేస్తున్నాను. చేరి మూడు వారాలైంది. ఆదివారం సాయంత్రం సంత నుంచి జనాన్ని ఎక్కించుకుని వస్తున్న ఒక పికప్ వ్యాన్ ఘాట్ మలుపులో బోల్తా పడింది. ఊరి పేర్లు ఇక్కడ కావాలనే రాయడం లేదు. దగ్గర్లోని సామాజిక ఆరోగ్య కేంద్రానికి వెళ్లి అడిగితే రిజిస్టరులో 17 పేర్లు ఉన్నాయన్నారు, జిల్లా కేంద్ర ఆసుపత్రికి వెళ్తే అక్కడ 8 పేర్లు ఉన్నాయన్నారు. రెండూ కలిపి "25 మందికి గాయాలు" అని ఆరు వాక్యాల వార్త రాసి పంపాను. అరగంటలో డెస్కు నుంచి తిరిగి వచ్చింది. "స్టేషన్‌లో 14 అంటున్నారు, మీ 25 ఎక్కడిది? సీఐ ఎవరు? మండలం ఏది? ముగ్గురు చనిపోయారని వాట్సాప్‌లో తిరుగుతోంది, అది ఎందుకు లేదు?" అని నాలుగు ప్రశ్నలు. నేను స్వయంగా రెండు ఆసుపత్రులకూ వెళ్లి తెచ్చిన అంకెను, ఒక్క ఫోనుతో తెచ్చిన పోలీసు అంకె ముందు ఎందుకు తక్కువ చేస్తున్నారో నాకు అర్థం కావడం లేదు.

గుణుపురం_గోపి
ఇందులో ఆలోచించడానికి ఏమీ లేదు. ప్రమాద వార్తలో పోలీసులు చెప్పిన అంకే అధికారికం, అదే రాయాలి. రేపు ఎవరైనా అడిగితే ఎఫ్ఐఆర్ చూపించవచ్చు.

కారంపొడి
ఎఫ్ఐఆర్‌లో లేనివారికి దెబ్బలు తగలలేదని అర్థం కాబోలు.

సిరొంచ_శంకర్
ఆరు వాక్యాలు ఎక్కువే. మా గడ్చిరోలి వైపు వార్తలు నాలుగు వాక్యాలకు మించితే డెస్కు తిప్పి పంపుతుంది. మొదటి వాక్యంలోనే ఎక్కడ, ఎప్పుడు, ఎందరు అన్నది చెప్పేస్తే మిగిలినవి కోసేసినా నష్టం ఉండదు. మీ వార్తను ఇక్కడ పెడితే ఎలా కుదించాలో చెప్పగలను.

నాగావళి_ఒడ్డు
శంకర్ గారూ, నిడివి గురించి ఎవరూ అభ్యంతరం చెప్పలేదండీ. గొడవంతా అంకె గురించే.

పాతడెస్కు
పార్వతీపురం వైపు ఇరవై ఏళ్లకు పైగా డెస్కులో కూర్చున్న అనుభవంతో చెబుతున్నాను. డెస్కు మీ అంకెను తక్కువ చేయలేదమ్మా, ఆ అంకె దేన్ని లెక్కించిందని అడిగింది. 17 అన్నది ఆరోగ్య కేంద్రానికి వచ్చినవారి లెక్క. 8 అన్నది జిల్లా ఆసుపత్రికి వచ్చినవారి లెక్క. అయితే ఆరోగ్య కేంద్రంలో చికిత్స చాలనివారిని పంపేది ఎక్కడికి? జిల్లా ఆసుపత్రికే కదా. అలాంటప్పుడు ఆ 8 మందిలో ఎంతమంది మొదటి రిజిస్టరులోనూ ఉన్నారో తెలుసుకోకుండా కూడితే ఒకే మనిషి రెండుసార్లు గాయపడినట్లవుతుంది. ఆరోగ్య కేంద్రం నుంచి ఎందరిని రిఫర్ చేశారని అడిగారా?

నాగావళి_ఒడ్డు
అడగలేదండీ. ఇప్పుడు ఫోను చేస్తాను.

ఆసుపత్రి_మెట్లు
గజపతి జిల్లాలో ఒక ఆరోగ్య కేంద్రంలో ఫార్మసిస్టుగా పనిచేస్తున్నాను. పాతడెస్కు గారు చెప్పింది మేము ప్రతి పెద్ద ప్రమాదంలోనూ చూసేదే. ఒకటి జోడిస్తాను. రిఫర్ చేసినవారి సంఖ్య తెలుసుకుని దాన్ని తీసివేసినంత మాత్రాన లెక్క తేలదు. కొందరు రిఫర్ చీటీ తీసుకుని జిల్లా ఆసుపత్రికి వెళ్లకుండా నేరుగా పార్వతీపురమో విశాఖపట్నమో వెళ్లిపోతారు, మరికొందరు మా దగ్గరికి రాకుండానే దారిన పోయే కారెక్కి జిల్లా ఆసుపత్రికి చేరుకుంటారు. అందుకని రెండు జాబితాలనూ పేరు పేరునా పోల్చవలసిందే. రిజిస్టరును ఫొటో తీస్తానంటే మాత్రం ఎవరూ ఒప్పుకోరు, ఒప్పుకోకూడదు కూడా. వయసు, ఊరు, తండ్రి లేదా భర్త పేరు చదివి వినిపించమని వైద్యాధికారిని మర్యాదగా అడిగితే, తీరిక ఉన్నప్పుడు చాలామంది చదివి వినిపిస్తారు.

గుణుపురం_గోపి
ఇంత పని ఒక సింగిల్ కాలమ్ వార్తకా?

పాతడెస్కు
సింగిల్ కాలమ్‌లో తప్పు పడితే సింగిల్ కాలమ్ తప్పు అని ఎవరూ అనరు గోపీ, పత్రిక పేరే చెబుతారు.

నాగావళి_ఒడ్డు
ఫోనులు చేశాను. ఆరోగ్య కేంద్రం నుంచి 6 మందిని జిల్లా ఆసుపత్రికి పంపారట. జిల్లా ఆసుపత్రి జాబితాతో పోలిస్తే 5 మంది సరిపోయారు, ఆరో మనిషి దొరకలేదు. ఆరోగ్య కేంద్రం చెప్పినవారిలో ఒకరు "బిమలా స్వామి", వయసు 40. జిల్లా ఆసుపత్రిలో ఆ పేరే లేదు. విమల అని ఒకామె ఉంది కానీ ఇంటిపేరు వేరు, వయసు 45. కాబట్టి 17కు మిగిలిన ముగ్గురినీ కలిపి 20 అని రాయబోతున్నాను.

మహేంద్రతనయ
ఆగండి, రాయకండి. పర్లాకిమిడిలో ఒడియా, తెలుగు రెండూ బోధించే పని నాది. ఒడియాలో మన "వ" సాధారణంగా "బ" అవుతుంది. వాసుదేవ అన్న పేరు రిజిస్టరులో బాసుదేబ అనే పలుకుతుంది. అందుచేత బిమలా, విమల ఒకే పేరు కావడానికి అవకాశం చాలా ఎక్కువ. ఇక "స్వామి" ఇంటిపేరు కాకపోవచ్చు. ఒడియాలో స్వామి అంటే భర్త; రిజిస్టరులో భర్త పేరుకు ముందు ఆ మాటో, దాని మొదటి అక్షరమో రాస్తారు. చదివి వినిపించినవారు "బిమలా, స్వామి ఫలానా" అని ఉంటారు, మీరు మధ్యలో ఆపేసి ఉంటారు.

కారంపొడి
పాపం ఆవిడకు ఒకే రోజు వ్యానూ బోల్తా పడింది, ఇంటిపేరూ మారిపోయింది.

నాగావళి_ఒడ్డు
మళ్లీ ఫోను చేశాను. మహేంద్రతనయ గారు చెప్పిందే నిజం. "స్వామి" తరువాత భర్త పేరు ఉందట, నేను రాసుకోలేదు. జిల్లా ఆసుపత్రిలో ఉన్న విమల భర్త పేరు, ఊరు రెండూ దానితో సరిపోయాయి. వయసు మాత్రం ఆరోగ్య కేంద్రంలో 40, జిల్లా ఆసుపత్రిలో 45.

ఆసుపత్రి_మెట్లు
వయసు తేడాను పట్టించుకోవద్దు. గాయపడినవారిని తీసుకొచ్చినవాళ్లు నోటికొచ్చిన అంకె చెబుతారు, మేము రాసుకుంటాము. ఊరు, భర్త లేదా తండ్రి పేరు కలిస్తే ఒకే మనిషిగా భావించవచ్చు. అవి కలవకుండా వయసు మాత్రమే కలిస్తే అనుమానించాలి.

పాతడెస్కు
ఇప్పుడు లెక్క చూడండి. ఆరోగ్య కేంద్రంలో 17, జిల్లా ఆసుపత్రిలో కొత్తవారు ఇద్దరు, మొత్తం 19. మీ మొదటి వార్తలో ఆరుగురు ఎక్కువ పడ్డారు. ఇక పోలీసుల 14 ఎక్కడి నుంచి వచ్చిందో కూడా తెలుసుకోండి. వారు తప్పు చెప్పారని అనుకోవద్దు. ఏ సమయంలో, ఎక్కడ నిలబడి లెక్కించారో అడగండి.

నాగావళి_ఒడ్డు
స్టేషన్‌కు వెళ్లి అడిగాను. సిబ్బంది ఆరోగ్య కేంద్రానికి చేరేసరికి సాయంత్రం ఆరున్నర అయిందట. అప్పటికే 108 అంబులెన్సు మొదటి విడతలో ముగ్గురిని తీసుకుని జిల్లా ఆసుపత్రికి బయలుదేరింది. అక్కడ మిగిలినవారి పేర్లు రాసుకున్నారు, అవి 14. ఇప్పుడు 14, 17, 19 మూడూ నిజమే అని తేలడం నాకు వింతగా ఉంది.

గుణుపురం_గోపి
సరే, ఒప్పుకుంటున్నాను. అయినా ఎఫ్ఐఆర్ 14 అని ఉండగా మనం 19 అని రాస్తే రేపు పరిహారం అడిగేవారు పత్రిక క్లిప్పింగు పట్టుకుని స్టేషన్‌కు వెళ్తారు. అది ఆలోచించారా?

ఆసుపత్రి_మెట్లు
అందుకే వెళ్లాలి గోపి గారూ. మిగిలిన అయిదుగురి గాయాల పత్రాలు ఆసుపత్రుల్లో ఉంటాయి, దర్యాప్తులో వాటిని చేరుస్తారు. ఎఫ్ఐఆర్ మొదటి సమాచారమే కానీ తుది జాబితా కాదు.

పాతడెస్కు
ఇక సీఐ, మండలం సంగతి. ఇది సరిహద్దు విలేకరులందరూ చేసే పొరపాటు. ఒడిశాలో పోలీసు స్టేషన్‌కు బాధ్యత వహించే ఇన్‌స్పెక్టరును ఐఐసీ అంటారు. మన వైపు సీఐ చేతిలో కొన్ని స్టేషన్లు కలిసిన సర్కిల్ ఉంటుంది. పాఠకుడికి తెలిసిన మాట అని ఐఐసీని సీఐ చేస్తే, ఆ అధికారికి లేని పరిధి ఇచ్చినట్లవుతుంది. మండలం అన్నది కూడా అంతే. అక్కడ ఉన్నది బ్లాకు, తహసీలు. తెలుగు పాఠకుడికి బ్లాకు అంటే అర్థం కాదనుకుంటే "రాయగడ జిల్లాలోని ఫలానా ఊరు" అని రాసి వదిలేయండి, లేని మండలాన్ని సృష్టించవద్దు.

సిరొంచ_శంకర్
నేను ముందు ప్రశ్నను సరిగా చదవలేదు, క్షమించాలి. ఇప్పుడు నా సంగతి చెబుతాను. సిరొంచ నుంచి గోదావరి దాటితే కాళేశ్వరం. అక్కడ జరిగిన ఒక చిన్న ప్రమాదం గురించి రాస్తూ పాత క్లిప్పింగు చూసి "కరీంనగర్ జిల్లా కాళేశ్వరం" అని వేశాను. 2016 అక్టోబరులో జిల్లాలు మారిపోయి అది జయశంకర్ భూపాలపల్లిలోకి వెళ్లిందని నాకు తెలుసు. తెలిసి కూడా చేతి అలవాటున రాశాను. నదికి అవతలివాళ్లు నాలుగు రోజులు నవ్వారు.

పాతడెస్కు
మా వైపూ అదే కథ. 2017 జనవరి 21 రాత్రి కూనేరు దగ్గర హిరాఖండ్ ఎక్స్‌ప్రెస్ పట్టాలు తప్పింది. అప్పుడు ఆ ఊరు విజయనగరం జిల్లాలో ఉంది. 2022 ఏప్రిల్ 4న పార్వతీపురం మన్యం జిల్లా ఏర్పడ్డాక అందులోకి వచ్చింది. పాత సంఘటనను ఈ రోజు ప్రస్తావించేటప్పుడు "అప్పటి విజయనగరం జిల్లా" అని రాస్తే రెండు తరాల పాఠకులకూ సరిపోతుంది. ఆ రాత్రి మృతుల సంఖ్య గంట గంటకూ మారుతుంటే, ప్రతి అంకె పక్కనా "ఫలానా సమయానికి" అని చేర్చిన సబ్ ఎడిటరు ఒక్కడే మరునాడు నిశ్చింతగా నిద్రపోయాడు. అది నేను కాదు.

నాగావళి_ఒడ్డు
ఇక చావుల సంగతి. వాట్సాప్ గ్రూపులో "ముగ్గురు మృతి" అని ఒక ఫొటోతో సహా తిరుగుతోంది. ఐఐసీ రాత్రి తొమ్మిది గంటలకు తమ స్టేషన్‌కు ఏ మరణ సమాచారమూ రాలేదన్నారు. రెండు ఆసుపత్రులూ లేదన్నాయి. డెస్కు మాత్రం మళ్లీ అడుగుతోంది.

గుణుపురం_గోపి
ఆ ఫొటో నాకూ వచ్చింది. వ్యాన్ నంబరు OR తో మొదలవుతోంది. ఒడిశాలో ఇప్పుడు OD కదా. కాబట్టి అది పాత ఫొటో, ఆ వార్తను కొట్టిపారేయవచ్చు.

పాతడెస్కు
నంబరు ప్లేటు బండి వయసు చెబుతుంది కానీ ఫొటో వయసు చెప్పదు. OR తో రిజిస్టరైన బండ్లు ఘాట్లలో ఇప్పటికీ తిరుగుతూనే ఉన్నాయి. ఆ ఫొటోను మొదట ఎవరు తీశారో కనుక్కుని, వాట్సాప్‌లో ఫొటోగా కాకుండా డాక్యుమెంటుగా పంపమని అడగండి. ఫొటోగా పంపితే తీసిన సమయం వివరాలు పోతాయి, డాక్యుమెంటుగా పంపితే సాధారణంగా మిగులుతాయి. అదీ కుదరకపోతే గూగుల్ లెన్స్‌లో పెట్టి అదే ఫొటో ఇంతకుముందు ఎక్కడైనా వచ్చిందేమో చూడండి. దొరికితే పాతదని తేలిపోతుంది. దొరకకపోతే కొత్తదని మాత్రం అర్థం కాదు.

నాగావళి_ఒడ్డు
ఫొటో తీసిన కుర్రవాడు దొరికాడు. ఫొటో ఆదివారం సాయంత్రానిదే, వ్యాన్ కూడా అదే. కానీ అతను ఒడియాలో "తినిటా" చనిపోయాయన్నాడు, దాన్ని ఎవరో తెలుగులోకి మార్చి పంపారు.

మహేంద్రతనయ
ఇక్కడే ఉంది అసలు సంగతి. ఒడియాలో మనుషులనైతే "తిని జణ" అంటారు. "తినిటా" అంటే వస్తువులో జంతువులో మూడు. తెలుగులో ముగ్గురికీ మూడింటికీ ఉన్న తేడానే అది. సంతబండి అంటున్నారు కాబట్టి అందులో మేకలు ఉన్నాయేమో అడగండి.

నాగావళి_ఒడ్డు
మేకలే.

కారంపొడి
మూడు మేకలను ముగ్గురు మేకగార్లను చేసిన ఆ అనువాదకుడికి డెస్కులో ఉద్యోగం ఇవ్వవచ్చు.

గుణుపురం_గోపి
నవ్వండి. కానీ డ్రైవరు తాగి ఉన్నాడని అక్కడివారంతా అంటున్నారు. "మద్యం మత్తులో నడపడమే కారణమని స్థానికులు తెలిపారు" అని రాస్తే తప్పేమీ లేదు కదా, మనం చెప్పడం లేదు, స్థానికులు చెబుతున్నారు.

పాతడెస్కు
"స్థానికులు తెలిపారు" అన్నది గొడుగు అనుకుంటారు, వానలో అది ఆగదు. ఆ రోజు ఆ ఘాట్‌లో బోల్తా పడిన బండి ఒక్కటే, దాని డ్రైవరూ ఒక్కడే. పేరు రాయకపోయినా ఊరందరికీ ఎవరో తెలుసు. రక్తంలో 100 మిల్లీలీటర్లకు 30 మిల్లీగ్రాముల ఆల్కహాల్ దాటితేనే మోటారు వాహనాల చట్టం దాన్ని నేరంగా చూస్తుంది. నమూనా తీశారా అని ఐఐసీని అడగండి. తీశారంటే "పరీక్షకు నమూనా తీసుకున్నారు" అని రాయండి. తీయలేదంటే కారణం దర్యాప్తులో ఉందని రాసి ఆపేయండి.

సిరొంచ_శంకర్
ఇక్కడ నేను కొంత విభేదిస్తాను. నలుగురు ప్రత్యక్ష సాక్షులు విడివిడిగా ఒకే మాట చెబితే, పేర్లతో సహా చెప్పడానికి వారు సిద్ధంగా ఉంటే, అది రాయదగిన సమాచారమే. పోలీసులు నమూనా తీయలేదన్న విషయమే ఒక్కోసారి అసలు వార్త అవుతుంది.

పాతడెస్కు
అది వేరే వార్త, దానికి మరో రోజు పని కావాలి. రాత్రి పదకొండుకు పేజీ వెళ్లే ఆరు వాక్యాల్లో ఇమడదు. అయితే మీ మాట పూర్తిగా కాదనను.

నాగావళి_ఒడ్డు
తిరిగి రాసి పంపిన వార్త ఇది. ఊరి పేర్లు ఇక్కడ మాత్రమే తీసేశాను.

"సంత నుంచి ప్రయాణికులతో తిరిగి వస్తున్న పికప్ వ్యాన్ రాయగడ జిల్లాలోని ఘాట్ రోడ్డు మలుపులో ఆదివారం సాయంత్రం బోల్తా పడి కనీసం 19 మంది గాయపడ్డారు. వీరిలో 17 మందికి సామాజిక ఆరోగ్య కేంద్రంలో చికిత్స చేయగా, ఇద్దరిని నేరుగా జిల్లా కేంద్ర ఆసుపత్రికి తీసుకెళ్లారు. ఆరోగ్య కేంద్రంలో చేరిన 17 మందిలో ఆరుగురిని మెరుగైన వైద్యం కోసం అదే ఆసుపత్రికి పంపారని వైద్యులు తెలిపారు. అక్కడి నుంచి ఇద్దరిని విశాఖపట్నం తరలించారు. రాత్రి 9 గంటల వరకు మరణాలేవీ తమ దృష్టికి రాలేదని స్టేషన్ ఐఐసీ చెప్పారు. ప్రమాద కారణంపై దర్యాప్తు జరుగుతోంది."

ఆసుపత్రి_మెట్లు
"కనీసం" అన్న మాట బాగుంది. చిన్న దెబ్బలతో నేరుగా ఇంటికి వెళ్లినవారు ఏ రిజిస్టరులోనూ ఉండరు.

గుణుపురం_గోపి
గాయపడినవారి పేర్లు లేకపోతే మా ఊళ్లో ఎవరూ చదవరు.

మహేంద్రతనయ
పేర్లు వేస్తే ఒడియా రిజిస్టరు నుంచి కాకుండా బంధువులను అడిగి తెలుగు రూపంలో వేయాలి. లేకపోతే మళ్లీ బిమలా స్వామి అచ్చవుతుంది.

నాగావళి_ఒడ్డు
రెండు రోజుల తరువాత రాస్తున్నాను. విశాఖపట్నం తరలించిన ఇద్దరిలో ఒకామె దారిలోనే చనిపోయింది. అక్కడి ఆసుపత్రికి చేరాక వైద్యులు నిర్ధారించారు. పోలీసు కబురు విశాఖపట్నం నుంచి ఇక్కడి స్టేషన్‌కు చేరేసరికి తెల్లవారింది. అంటే రాత్రి 9 గంటలకు ఐఐసీ చెప్పింది ఆయనకు తెలిసినంతలో నిజమే. నేను ఆమె కుటుంబానికి విషయం తెలిసిందని ఆమె తమ్ముడి ద్వారా నిర్ధారించుకున్నాకే మరునాటి వార్త పంపాను. ఈసారి డెస్కు ఏ ప్రశ్నా అడగకుండా వేసుకుంది: "వ్యాన్ బోల్తా ఘటనలో ఒకరు మృతి, 19 మందికి గాయాలు."

కారంపొడి
అభినందనలు. అయితే ఒక చిన్న సందేహం. చనిపోయిన ఆవిడ ఆ 19 మందిలో ఉందా, లేదా?

నాగావళి_ఒడ్డు
ఉంది. జిల్లా ఆసుపత్రికి పంపిన ఆరుగురిలో ఆమె ఒకరు.

పాతడెస్కు
అయితే ఒకరు మృతి, 18 మందికి గాయాలు. రిజిస్టర్లను పోల్చి అంత కష్టపడి తీసేసిన రెండో లెక్క శీర్షికలోకి మళ్లీ వచ్చి కూర్చుంది.

నాగావళి_ఒడ్డు
డెస్కుకు ఫోను చేశాను. వెబ్‌సైటులో 18గా మార్చారు. అచ్చు పత్రికలో సవరణ వేస్తారా అని అడిగితే, ఒక్క అంకె తేడాకు సవరణ అవసరం లేదన్నారు. వేయమని మళ్లీ రాతపూర్వకంగా పంపాను, ఇంకా సమాధానం రాలేదు.

సిరొంచ_శంకర్
వెబ్‌సైటులో మార్చినప్పుడు పైన "సవరించారు" అని సమయంతో సహా రాశారా, లేక చప్పుడు చేయకుండా మార్చారా?

నాగావళి_ఒడ్డు
చప్పుడు చేయకుండానే మార్చారు శంకర్ గారూ. దాని గురించి కూడా ఆ లేఖలో ఒక వాక్యం రాశాను.